బాస్ ఫైట్‌లో దెబ్బకు ముందు సంకేతం, దెబ్బ తర్వాత సందు: ఫ్రేముల లెక్కతో ఒక పోరాటం కట్టే పద్ధతి

బాస్ ఫైట్, అంటే గేమ్‌లో ఒక ఘట్టం చివర ఎదురయ్యే పెద్ద శత్రువుతో పోరాటం, కట్టేటప్పుడు చాలామంది శ్రద్ధంతా దాడి మీదే పెడతారు. బాస్ గద ఎలా ఎత్తాలి, ఎంత గట్టిగా కొట్టాలి, నేల ఎలా పగలాలి అన్నవి బాగానే కుదురుతాయి. కొట్టాక బాస్ ఏ స్థితిలో ఉన్నాడు, ఆటగాడు ఇప్పుడు వెళ్లి కొట్టవచ్చా, ఎన్ని దెబ్బలు కొట్టి వెనక్కి రావాలి అన్నవి మాత్రం గాలికి వదిలేస్తారు. ఆటగాడు తప్పించుకోవడం నేర్చుకుంటాడు, కానీ తిరిగి కొట్టడం నేర్చుకోడు. దూరంగా నిలబడి ఒక్కో దెబ్బ వేస్తూ పది నిమిషాలు లాగుతాడు, లేదా ఆశపడి దగ్గరికి వెళ్లి అర్థంకాకుండా చస్తాడు. అందుకే ఈ మార్గదర్శిలో దాడికి ముందు సంకేతానికి ఎంత చోటు ఇచ్చామో, దాడి తర్వాత తిరిగి కొట్టడానికి దొరికే సందుకీ అంత చోటు ఇస్తున్నాం.

ఉదాహరణగా పక్కనుంచి కనిపించే ఒక 2డి యాక్షన్ గేమ్ తీసుకుందాం. సెకనుకు 60 ఫ్రేములు, అంటే ఒక ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. బాస్ ఒక కోట ద్వారం దగ్గర కాపలా ఉండే రాక్షసుడు, చేతిలో ఇనుప గద. అతనికి మూడు దాడులు: గదను తలపైకెత్తి నేలకు బాదే నిలువు దెబ్బ, ముందుకు గీసినట్టు తిప్పే అడ్డ దెబ్బ, ఒక చివర నుంచి మరో చివరకు పరుగెత్తుకొచ్చే దూకుడు. ఇంతకంటే ఎక్కువ దాడులు మొదటి బాస్‌కు అక్కర్లేదు.

1వ అడుగు: ముందు ఆటగాడిని కొలవండి

బాస్ అంకెలన్నీ ఆటగాడి అంకెల నుంచే పుడతాయి. ఆటగాడి కదలికలు ఇంకా మారుతున్న రోజుల్లో బాస్‌ను ట్యూన్ చేస్తే చేసిన పని మళ్లీ చేయాల్సిందే. కాబట్టి ముందు వీటిని బిగించి, కాగితం మీద రాసుకోండి. మన ఉదాహరణలో ఆటగాడు ఫ్రేముకు 5 పిక్సెళ్లు పరుగెత్తుతాడు. ఒక కత్తి దెబ్బకు మొత్తం 22 ఫ్రేములు: కత్తి ఎత్తడానికి 6, తగిలే సమయం 4, తేరుకోవడానికి 12. పక్కకు దొర్లి తప్పించుకునే డాడ్జ్‌కు మొత్తం 24 ఫ్రేములు. అందులో 4వ ఫ్రేము నుంచి 15వ ఫ్రేము వరకు అతనికి ఏ దెబ్బా తగలదు.

డాడ్జ్ నొక్కగానే రక్షణ మొదలవదన్న సంగతి గమనించండి. మొదటి 3 ఫ్రేములు ఆటగాడు ఇంకా దొరికిపోయేలాగే ఉంటాడు. తర్వాతి లెక్కల్లో ఈ 3 ఫ్రేములు కూడా కలుస్తాయి.

2వ అడుగు: సంకేతం కనీసం ఎంతసేపు ఉండాలో లెక్కగట్టండి

స్క్రీన్ మీద ఒక మార్పు చూసి బటన్ నొక్కడానికి చాలామందికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. 250 పట్టుకుంటే 15 ఫ్రేములు. అది ఒకే రకం మార్పుకు ఒకే రకం స్పందన ఇచ్చేటప్పటి మాట. "ఇది నిలువు దెబ్బా, అడ్డ దెబ్బా?" అని పోల్చుకుని ఎంచుకోవాల్సి వస్తే ఇంకాస్త ఆలస్యమవుతుంది, దానికి 8 ఫ్రేములు కలపండి. కంట్రోలర్, టీవీ కలిసి మింగే ఆలస్యానికి 5 ఫ్రేములు. డాడ్జ్ మొదట్లో రక్షణలేని 3 ఫ్రేములు. మొత్తం 31.

అంటే ఈ గేమ్‌లో చూసి తప్పించుకోవాల్సిన దాడి ఏదైనా, సంకేతం మొదలైన క్షణం నుంచి దెబ్బ తగిలే క్షణానికి మధ్య 31 ఫ్రేములకు తగ్గకూడదు. తగ్గిందంటే ఆటగాడు చూసి కాదు, ఊహించి తప్పించుకుంటున్నట్టు. మన బాస్‌కు నిలువు దెబ్బకు 40, అడ్డ దెబ్బకు 32, దూకుడుకు 45 ఫ్రేముల సన్నాహం ఇద్దాం. డెవలప్‌మెంట్ మానిటర్ ముందు కూర్చున్న మీకు 40 ఫ్రేములు చాలా నెమ్మదిగా అనిపిస్తాయి. మీరు ఆ దాడిని వెయ్యిసార్లు చూసినవారు, ఎప్పుడొస్తుందో ముందే తెలిసినవారు. ఆ నెమ్మదితనాన్ని నమ్మి తగ్గించకండి.

3వ అడుగు: సంకేతంలో "ఏది" వేరు, "ఎప్పుడు" వేరు

ఒకే సంకేతం రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: రాబోయేది ఏ దాడి? సరిగ్గా ఎప్పుడు తగులుతుంది? ఈ రెండింటినీ ఒకే యానిమేషన్ మోయాలంటే కష్టం. విడదీస్తే సులువు.

"ఏది" అన్నది భంగిమ చెప్పాలి. నిలువు దెబ్బకు గద తల మీద, వీపు వెనక్కి వంగి ఉంటుంది. అడ్డ దెబ్బకు గద నడుము వెనక, ఒళ్లు ముందుకు వాలి ఉంటుంది. దూకుడుకు తల దించి, ఒక కాలితో నేలను గీకుతాడు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, సన్నాహం 40 ఫ్రేముల పొడవునా గదను సమానమైన వేగంతో మెల్లగా ఎత్తడం. అప్పుడు భంగిమ పోల్చుకునేటంతగా ఏర్పడేది 25వ, 30వ ఫ్రేము దగ్గర. కాగితం మీద 40 ఉన్నా ఆటగాడికి మిగిలేవి 10 లేదా 15. దీనికి విరుగుడు, భంగిమలోకి వేగంగా వెళ్లి అక్కడ ఆగడం. మొదటి 8 ఫ్రేముల్లో గద తలపైకి చేరిపోవాలి, 26 ఫ్రేములు అక్కడే ఒణుకుతూ నిలవాలి, చివరి 6 ఫ్రేముల్లో కిందికి రావాలి.

పరీక్ష తేలిక. ప్రతి దాడి సన్నాహంలో 10వ ఫ్రేము దగ్గర స్క్రీన్‌షాట్ తీయండి. బాస్‌ను పూర్తిగా నల్లగా నింపి నీడబొమ్మలా చేయండి. తోలుబొమ్మలాటలో తెర మీద నీడ చూసి ఇతను భీముడా, దుశ్శాసనుడా అని చెప్పినట్టు, ఆ నీడ చూసి ఏ దాడో చెప్పగలగాలి. చెప్పలేకపోతే రంగులూ మెరుపులూ పులిమి లాభం లేదు, భంగిమనే మార్చాలి.

"ఎప్పుడు" అన్నదానికి అన్ని దాడులకూ ఒకే గుర్తు పెట్టండి. మన బాస్‌కు దెబ్బ తగలడానికి సరిగ్గా 14 ఫ్రేముల ముందు గద కొసన ఒక తెల్లని మెరుపు, దాంతోపాటు "ఠంగ్" మని ఒక లోహపు చప్పుడు. దాడి ఏదైనా ఈ 14 మారదు. కొన్ని ఓటముల తర్వాత ఆటగాడి చేతివేళ్లు ఆ చప్పుడు లయను పట్టేస్తాయి. మనిషి చూపుకంటే వినికిడికి కాస్త వేగంగా స్పందిస్తాడు, కనుక చప్పుడును అలంకారంగా చూడకండి. మెరుపు రంగు ఒక్కటే గుర్తుగా ఉంటే రంగులు సరిగా పోల్చలేని వారికి అన్యాయం జరుగుతుంది. ఆకారం, చప్పుడు కూడా తోడుండాలి. 2019లో వచ్చిన సెకిరో గేమ్‌లో అడ్డుకోలేని దాడులకు ముందు ఆటగాడి తల మీద ఒక ఎర్రని జపనీస్ అక్షరం చప్పుడుతో సహా వెలుగుతుంది. అది "ప్రమాదం" అని మాత్రమే చెబుతుంది. అది పొడుపా, కోతా, పట్టా అన్నది శత్రువు భంగిమ చూసి తెలుసుకోవాల్సిందే. రెండు ప్రశ్నలను విడదీయడమంటే ఇదే.

4వ అడుగు: దిశ బిగించే ఫ్రేము

సన్నాహం మొదట్లో బాస్ ఆటగాడి వైపు తిరుగుతూ ఉండవచ్చు. కానీ దెబ్బ తగిలే క్షణం దాకా తిరుగుతూనే ఉంటే, ఆటగాడు ఎటు జరిగినా గద వెంటపడుతుంది. సంకేతం చదివినందుకు ఫలితం ఉండదు. పైన చెప్పిన మెరుపునే ఇక్కడ కూడా వాడుకోండి: మెరుపు వచ్చిన క్షణం నుంచి దిశ మారదు. గొడోట్ 4 గేమ్ ఇంజిన్‌లో, `_physics_process` నుంచి ప్రతి ఫ్రేమూ పిలిచే నిలువు దెబ్బ ఇలా ఉంటుంది:

```gdscript
const SLAM = {windup = 40, cue = 14, active = 5, recover = 83}
var t := 0

func slam_tick():
    t += 1
    var lock_at = SLAM.windup - SLAM.cue
    if t <= lock_at:
        face_player()
    elif t == lock_at + 1:
        play_cue()
    var hit_end = SLAM.windup + SLAM.active
    $Hitbox.monitoring = t > SLAM.windup and t <= hit_end
    if t >= hit_end + SLAM.recover:
        t = 0
        next_attack()
```

అంకెలన్నీ ఒకచోట ఉంచితే ట్యూనింగ్ సులువు. యానిమేషన్ పొడవును బట్టి టైమింగ్ నడిపితే మాత్రం, ఆర్టిస్ట్ ఒక ఫ్రేము కలిపిన ప్రతిసారీ మీ లెక్క చెదురుతుంది. లెక్కను కోడ్‌లో ఉంచి, యానిమేషన్‌ను దానికి సరిపోయేలా సాగదీయండి.

హిట్‌బాక్స్, అంటే తగిలితే దెబ్బగా లెక్కపడే ప్రాంతం, గురించి ఒక్క మాట. గద ఆగిపోయి దుమ్ము మాత్రమే లేస్తున్నప్పుడు ఆ దుమ్ముకు తగిలి ఆటగాడు చస్తే అది మీ తప్పే. బాస్ హిట్‌బాక్స్ బొమ్మకంటే కాస్త చిన్నగా, ఆటగాడి కత్తి హిట్‌బాక్స్ బొమ్మకంటే కాస్త పెద్దగా ఉంచండి. అనుమానం వచ్చిన ప్రతిచోటా తీర్పు ఆటగాడి వైపే మొగ్గాలి.

5వ అడుగు: సందును లెక్కగట్టండి

ఇక అసలు విషయం. నిలువు దెబ్బ తర్వాత ఆటగాడికి రెండు దెబ్బలు దక్కాలని అనుకుందాం. దానికి బాస్ ఎన్ని ఫ్రేములు తేరుకుంటూ ఉండాలి?

ఆటగాడు దెబ్బకు 6 ఫ్రేముల ముందు డాడ్జ్ నొక్కాడనుకోండి. గద తగిలే 5 ఫ్రేములు అతని డాడ్జ్‌లో 7 నుంచి 11వ ఫ్రేము వరకు నడుస్తాయి, సురక్షితం. కానీ డాడ్జ్ మొత్తం 24 కాబట్టి, బాస్ తేరుకోవడం మొదలయ్యాక కూడా 13 ఫ్రేములు అతను దొర్లుతూనే ఉంటాడు. తర్వాత బాస్ దగ్గరికి 90 పిక్సెళ్లు పరుగెత్తడానికి 18 ఫ్రేములు. రెండు కత్తి దెబ్బలకు 44. కలిపితే 75. దీనికి 8 ఫ్రేముల ఊరట కలిపితే 83. కోడ్‌లో `recover = 83` వచ్చింది ఇక్కడినుంచే.

మూడో దెబ్బకు ఆశపడితే ఏమవుతుంది? మూడో దెబ్బ 97వ ఫ్రేముకు ముగుస్తుంది. బాస్ 83 దగ్గరే తేరుకుని, ఆటగాడు పక్కనే ఉన్నాడు కాబట్టి నడవకుండా వెంటనే అడ్డ దెబ్బ సన్నాహం మొదలుపెట్టాడనుకుందాం. అది తగిలేది 116వ ఫ్రేములో. డాడ్జ్ నొక్కడానికి ఆఖరి క్షణం 113. కాబట్టి 98 నుంచి 113 వరకు ఆటగాడికి 16 ఫ్రేముల వ్యవధి ఉంది. కన్ను బాస్ మీదే ఉంటే గట్టెక్కుతాడు. నాలుగో దెబ్బ కూడా వేస్తే 119 వరకు ఇరుక్కుపోతాడు, గద తగలక తప్పదు. చూడండి, ఒక్క లెక్కలోనే మూడు అంతస్తులు వచ్చాయి: రెండు దెబ్బలు అందరికీ, మూడోది గమనించేవాడికి, నాలుగోది అత్యాశకు శిక్ష. ఆ శిక్ష ఎందుకు పడిందో ఆటగాడికి అడగకుండానే తెలుస్తుంది.

ఇదే సూత్రంతో అడ్డ దెబ్బకు ఒక్క దెబ్బ సందు ఇస్తే 13 + 18 + 22 + 8 = 61 ఫ్రేములు.

దూకుడు దగ్గర ఒక ఉచ్చు ఉంది. ఆటగాడిని దాటి పరుగెత్తిన బాస్ గోడకు గుద్దుకుని గద ఇరుక్కుపోయి నిలబడతాడు. చూడ్డానికి భారీ సందులా ఉంటుంది. "110 ఫ్రేములు ఇచ్చాం, చాలా ఎక్కువే" అనుకుంటారు. కానీ గోడ 600 పిక్సెళ్ల దూరంలో ఉంటే అక్కడికి చేరడానికే 120 ఫ్రేములు పడుతుంది. ఆటగాడు చేరేసరికి బాస్ తిరిగి నిలబడి ఉంటాడు, చేరినవాడికి దక్కేది దెబ్బే. కాగితం మీద సందు ఉంది, కాళ్లకు అందలేదు. దీనికి మంచి విరుగుడు, తేరుకునే సమయాన్ని దూరానికి ముడిపెట్టడం: దూరాన్ని 5తో భాగించి, దానికి 13, 44, 8 కలపండి. 600 పిక్సెళ్లకు 185 ఫ్రేములు, 200 పిక్సెళ్లకు 105. ఏ దూరంలోనైనా రెండు దెబ్బలు ఖాయం.

6వ అడుగు: సందు కంటికి కనపడాలి

83 ఫ్రేములు ఇచ్చినా, ఆ సమయంలో బాస్ గద పట్టుకుని నిటారుగా నిలబడి ఉంటే ఎవరూ దగ్గరికి వెళ్లరు. నిలబడ్డ బాస్ అంటే సిద్ధంగా ఉన్న బాస్ అని ఆటగాడు అనుకోవడం సహజం. కాబట్టి తేరుకునే భంగిమకు కూడా సన్నాహానికి పెట్టినంత శ్రద్ధ పెట్టాలి. నిలువు దెబ్బ తర్వాత గద నేలలో దిగబడాలి, మోకాళ్లు వంగాలి, భుజాలు జారాలి, రొప్పుతున్న శబ్దం వినిపించాలి. తల ఆటగాడి కత్తికి అందే ఎత్తుకు రావాలి. 2017లో వచ్చిన హాలో నైట్ గేమ్‌లో ఫాల్స్ నైట్ అనే బాస్ కొన్ని దెబ్బలు తిన్నాక కూలబడితే, కవచం తెరుచుకుని లోపలి మెత్తని పురుగు తల బయటపడుతుంది. ఒక్క మాట రాయకుండానే "ఇప్పుడు కొట్టు, ఇక్కడ కొట్టు" అని చెప్పేసింది.

సందు తెరుచుకోవడమే కాదు, మూసుకోవడం కూడా కనపడాలి. చివరి 20 ఫ్రేముల్లో బాస్ గదను నేలలోంచి పెకిలిస్తూ లేవాలి. ఈ భాగం లేకపోతే సందు ఎప్పుడు ముగిసిందో తెలియక, ఆటగాడు తిన్న దెబ్బ అత్యాశ వల్ల కాక అదృష్టం లేక తగిలినట్టనిపిస్తుంది.

7వ అడుగు: రెండో దశ

బాస్ ప్రాణం ఎంత ఉండాలో కూడా సందుల నుంచే లెక్క తీయవచ్చు. మొదటి దశలో నిలువు, అడ్డ దెబ్బలు సమంగా వస్తే, మధ్యలో నడక 40 ఫ్రేములు కలుపుకుని ఒక్కో విడత సుమారు 2.6 సెకన్లు. సగటున విడతకు 1.5 దెబ్బల సందు. బాస్ 40 దెబ్బలకు చచ్చేటట్టు పెడితే, ఒక్క సందూ వదలని ఆటగాడికి సుమారు 70 సెకన్లు, సగం సందులే వాడుకునే కొత్తవాడికి రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది. మొదటి బాస్‌కు అది సరిపోతుంది. దెబ్బకు 10 చొప్పున ప్రాణం 400. 240 దగ్గర రెండో దశ.

దశ మారగానే అన్నీ వేగం చేసేయడం సులువైన దారి, చెడ్డ దారి కూడా. సన్నాహాన్ని 31కి దిగువకు తోస్తే మొదటి దశలో ఆటగాడు నేర్చుకున్నదంతా పనికిరాకుండా పోతుంది. కష్టం పెంచాలంటే దాడుల మధ్య నడకను 40 నుంచి 15కి తగ్గించండి, ఒక కొత్త దాడి చేర్చండి, పాతదాన్ని ఒక కొత్త వరుసలో వాడండి. మన బాస్‌కు కొత్త దాడి దూకుడు, కొత్త వరుస వెంటవెంటనే పడే జంట నిలువు దెబ్బ.

జంట దెబ్బలో ప్రమాదం, మొదటి దెబ్బ తర్వాత సందు ఉందని అలవాటుపడ్డ ఆటగాడు నేరుగా రెండో దెబ్బలోకి పరుగెత్తడం. అది మోసం కాకుండా ఉండాలంటే మొదటి దెబ్బ తర్వాతి భంగిమ వేరుగా ఉండాలి: గద దిగబడకుండా నేల మీద ఎగిరిపడి తిరిగి పైకి లేవాలి, మోకాళ్లు వంగకూడదు, భుజాలు బిగిసే ఉండాలి. రెండో దెబ్బ సన్నాహం 30 ఫ్రేములు ఉండవచ్చు. ఇక్కడ ఆటగాడు ఎంచుకోవాల్సిందేమీ లేదు, వచ్చేది ఒకటే అని తెలుసు. ఎంపికకు ఇచ్చిన 8 ఫ్రేములు తీసేస్తే కావాల్సింది 23. అయితే మొదటి డాడ్జ్ మిగులు 13 ఫ్రేములు ఇందులోనే పోతాయి కాబట్టి 23కి దించకండి. ఒక డాడ్జ్ తర్వాత మరోటి వెంటనే వేయనివ్వని గేమ్ అయితే ఆ ఆలస్యాన్ని కూడా కలపాలి. దీన్ని మరచిపోతే రెండో దెబ్బ ఎంత చూసినా తప్పించుకోలేనిది అవుతుంది.

దశ మారే క్షణాన్ని కూడా జాగ్రత్తగా కట్టండి. ప్రాణం 240 దాటగానే ఆటగాడి చేతిలోని సందును మధ్యలో లాక్కోకండి. బాస్ తేరుకోవడం పూర్తయ్యేవరకు పడ్డ దెబ్బలన్నీ లెక్కలోకి రావాలి, ఆ తర్వాతే మార్పు. మార్పుకు 100 ఫ్రేములు చాలు. ఆ సమయంలో బాస్ హిట్‌బాక్స్ ఆపేయాలి. బాస్‌కు దెబ్బ తగలదనుకుంటే, కత్తి తగిలినప్పుడు మామూలు చప్పుడు కాకుండా మొద్దు చప్పుడు రావాలి. లేకపోతే ఆటగాడు గాలిలో దెబ్బలు వృథా చేసుకుంటాడు. శిరస్త్రాణం పగిలి ముఖం కనపడటం వంటి శాశ్వతమైన మార్పు ఒకటి ఉండాలి, ఎందుకంటే పది సెకన్ల తర్వాత కూడా ఇది రెండో దశే అని తెలియాలి. మార్పు పూర్తవగానే మొదటి దాడిగా ఎప్పుడూ దూకుడునే, దూరం నుంచి వేయించండి. కొత్త దాడిని మొదటిసారి తీరిగ్గా చూసే అవకాశం యాదృచ్ఛికానికి వదలకూడదు.

మిగతాచోట్ల దాడిని యాదృచ్ఛికంగా ఎంచుకోవచ్చు, కానీ ఒకే దాడి మూడుసార్లు వరుసగా రాకుండా చూడండి. ఆటగాడు ప్రాణం నింపుకునే మందు తాగే బటన్ నొక్కిన ఫ్రేములోనే బాస్ దూకుడు మొదలుపెడితే, అతను బాస్‌తో కాక కంట్రోలర్ చదివే యంత్రంతో పోరాడుతున్నట్టు పసిగడతాడు. ఆ స్పందనకు కనీసం 15 ఫ్రేముల ఆలస్యం ఇవ్వండి.

8వ అడుగు: ఎక్కడ తప్పిందో కనిపెట్టడం

ఈ బాస్‌ను ఎప్పుడూ చూడని ఐదారుగురిని కూర్చోబెట్టండి. మాట సాయం చేయకండి. స్క్రీన్ రికార్డ్ చేయండి, గేమ్‌లో ప్రతి మరణానికీ దాడి పేరు, దశ, ఆ ఫ్రేములో ఆటగాడు చేస్తున్న పని లాగ్‌లో పడేలా చూడండి. చచ్చిన ప్రతిసారీ ఒకే ప్రశ్న అడగండి: "ఇప్పుడు నిన్ను ఏది చంపింది?"

"తెలీదు, ఏదో తగిలింది" అంటే భంగిమ చదవలేకపోయాడు. నీడబొమ్మ పరీక్షకు తిరిగి వెళ్లండి. "గద పైకెత్తి కొట్టాడు, కానీ నొక్కేసరికి ఆలస్యమైంది" అంటే భంగిమ బాగుంది, సన్నాహమో మెరుపో చాలలేదు. "తొందరపడి నొక్కేశాను" అనేవాళ్లు ఎక్కువైతే సాధారణంగా అర్థం, మెరుపుకంటే ముందే గద కదలడం మొదలై వారిని మోసగించిందని. భంగిమలో ఆగే భాగాన్ని సరిచేయండి. "ఇంకో దెబ్బ వేద్దామనుకున్నా" అని నవ్వితే అక్కడ ఏమీ మార్చకండి.

మరణాల్లో కనపడని లోపం ఒకటి ఉంది, దాన్ని వీడియోలోనే పట్టుకోవాలి. ఆటగాడు చక్కగా తప్పించుకుంటాడు, బాస్ 83 ఫ్రేములు వంగి నిలబడతాడు, ఆటగాడు దూరంగా నిలబడి చూస్తూ ఉంటాడు. ఆరుగురిలో నలుగురు ఇలా చేస్తే సందు ఉంది గానీ కనపడట్లేదు. ఫ్రేములు పెంచకండి, భంగిమను మార్చండి: తలను ఇంకా కిందికి దించండి, రొప్పును ఇంకా గట్టిగా వినిపించండి, గద చుట్టూ నేల పగుళ్లు చూపించండి.

లాగ్‌లో ఇంకొకటి చూడండి. ఒక్కో దాడి మొదటి మూడు ప్రయత్నాల్లో ఎన్నిసార్లు తగిలింది, ఎనిమిదో ప్రయత్నం తర్వాత ఎన్నిసార్లు తగిలింది? బాగా పడిపోతే ఆ దాడి నేర్చుకోదగినది. అంతే ఉండిపోతే ఆ దాడిలో చదవడానికి ఏమీ లేదు, ఆటగాడు ప్రతిసారీ ఊహిస్తున్నాడు. మన బాస్ లాంటివాటిలో అది చాలావరకు జంట నిలువు దెబ్బే అవుతుంది, కారణం కూడా చాలావరకు మొదటి దెబ్బ తర్వాత భుజాలు సరిగ్గా బిగియకపోవడమే.